మధ్యలో జారిపోయే బొటనవేలు

వంటల వీడియోలు చేసే ఆమె, బైకు మరమ్మతు వీడియోలు చేసే అతను కలిసి ఒక షార్ట్ చేశారనుకోండి. మొదటి ఇరవై సెకన్లు ఆమె వంట, తర్వాతి ఇరవై సెకన్లు అతని బండి, చివర ఇద్దరూ నమస్కారం పెట్టి సబ్‌స్క్రైబ్ చేయమంటారు. ఇలాంటి వీడియోలు తెలుగులో రోజూ కనిపిస్తాయి. వాటి రిటెన్షన్ గ్రాఫ్, అంటే ఏ సెకనులో ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపించే గీత, దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటి మనిషి మాట ఆపి రెండో మనిషి కనిపించగానే గీత మెట్టు దిగినట్టు పడిపోతుంది. వంట కోసం వచ్చినవాళ్లకు ఆ బైకు అతనెవరో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరాన్నీ ఆ వీడియో వాళ్లకు కలిగించలేదు. బొటనవేలు పైకి జరిగిపోతుంది.

మనుషులు తెలియకపోవడం వల్ల ఈ నష్టం జరగదు. షార్ట్స్‌లో రోజంతా చూసేది తెలియని మొహాలనే కదా. రెండో మనిషి మర్యాద కొద్దీ వచ్చాడు తప్ప అవసరం కొద్దీ రాలేదు, అదీ అసలు లోపం. నా దృష్టిలో ఇద్దరు క్రియేటర్లు కలిసి చేసే షార్ట్‌లో స్క్రిప్ట్ రచయిత చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటే. మొదటివారు ఒక చోట నిజంగా ఆగిపోవాలి, రెండోవారు లేకపోతే కథ ముందుకు కదలకూడదు. ఆ ఆగిపోయే చోట పలికే వాక్యాన్నే ఇక్కడ అందించే మాట అంటున్నాను. ఇద్దరి చేతులూ పడితే తప్ప రాని చివరి దృశ్యం పేఆఫ్.

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. కథకుడు ఒక ఘట్టం చెప్పి ఆగగానే వంత ఒక ప్రశ్న వేస్తాడు. అది ముందు కూర్చున్న జనం మనసులో అప్పటికే పుట్టిన ప్రశ్న. అందుకే మాట చేతులు మారినట్టు ఎవరికీ అనిపించదు, కథ మాత్రం ఒక అడుగు ముందుకు పడుతుంది. షార్ట్‌లో కావాల్సిందీ సరిగ్గా అదే. కాకపోతే అక్కడ రాత్రంతా సమయం ఉంటుంది, ఇక్కడ యాభై సెకన్లే.

2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్ట్స్ నిడివి మూడు నిమిషాల దాకా పెరిగింది. అయినా ఇద్దరి మధ్య రెండుసార్లు మాట మారే కథకు నిమిషం లోపే చాలు. నిడివి పెరిగితే ఆ పెరిగిన సమయమంతా పరిచయాలకే పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాసుకుందాం. ఒకామె చీరలు, పంచెలు, పట్టుబట్టలు ఎలా ఉతకాలి, మరకలు ఎలా పోగొట్టాలి అని వీడియోలు చేస్తుంది. ఇంకొకాయన ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే మాష్టారు. ఇద్దరి ప్రేక్షకులూ వేరు. ఆమెను చూసేవాళ్లు కెమిస్ట్రీ వదిలేసి పాతికేళ్లయినవాళ్లు, ఆయన్ని చూసేవాళ్లు బట్టలు అమ్మ ఉతికి పెడితే వేసుకునే పిల్లలు. వీళ్లిద్దరూ ఎక్కడ కలుస్తారు?

చాలామంది ఇక్కడ మొదటి వాక్యం కోసం వెతకడం మొదలుపెడతారు. అది కాదు, ముందు చివరి దృశ్యం దొరకాలి. దాన్ని వెతకడానికి ఒక దారి ఉంది. ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి: నా రంగంలో రోజూ జరిగేదే, కానీ ఎందుకు జరుగుతుందో నేను చెప్పలేనిది ఏది? నేను కారణం చెప్పగలను గానీ చేతితో చేసి చూపించలేనిది ఏది? ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడో ఒకచోట కలుస్తాయి. మన ఇద్దరికీ ఆ కలిసిన చోటు పసుపు మరక.

బట్టలామె జాబితాలో ఇలా ఉంటుంది: తెల్ల పంచె మీద పులిహోర మరక పడితే, బట్టల సబ్బు బిళ్లతో రుద్దగానే పసుపు కాస్తా ఎర్రగా మారుతుంది. చూసినవాళ్లు బట్ట పాడైపోయిందని హడలిపోతారు. మాష్టారి జాబితాలో: పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం పులుపులో పచ్చగా ఉంటుంది, క్షారంలో ఎర్రబడుతుంది. పిల్లలకు ల్యాబ్‌లో లిట్మస్ కాగితం చూపిస్తాం, పసుపు కూడా అలాంటి సూచికే. ఆయన నిమ్మకాయ పిండితే ఎరుపు మళ్లీ పసుపు అవుతుంది. కానీ మరక పోదు, రంగు వెనక్కి వస్తుందంతే. ఆయన విద్య అక్కడితో ఆగుతుంది. తర్వాతి సంగతి ఆమెకు తెలుసు. తడిపిన తెల్లబట్టను మంచి ఎండలో పడేస్తే పసుపు మరక దానంతటదే వెలిసిపోతుంది. ఎందుకు వెలుస్తుందో మళ్లీ మాష్టారే చెప్పాలి: వెలుతురు తగిలితే కర్క్యుమిన్ విరిగిపోతుంది.

ఇప్పుడు చివరి దృశ్యం దానంతటదే కనిపిస్తోంది. మరకలో సగం మీద నల్ల కాగితం పిన్ను పెట్టి ఎండలో ఆరేస్తారు. సాయంత్రం కాగితం తీస్తారు. కాగితం కింద ఉన్న సగం పచ్చగానే ఉంటుంది, ఎండ తగిలిన సగం తెల్లబడుతుంది. మధ్యలో కత్తితో కోసినట్టు గీత. ఎండలో ఆరేయడం ఆమె చేసిన పని, సగం కప్పి ఉంచడం ఆయన పరీక్ష. ఒకరిని తీసేస్తే ఆ గీత ఉండదు. చివరి దృశ్యానికి నేను పెట్టే పరీక్ష ఇదే. ఇద్దరిలో ఎవరో ఒకరి పేరు కొట్టేసి చదవండి. అప్పుడూ ఆ దృశ్యం నిలబడితే ఇది ఇద్దరూ కలిసి చేయాల్సిన వీడియో కాదు, ఒకరి వీడియోకి ఇంకొకరు అతిథి.

చివరి దృశ్యం చేతికి వచ్చింది కాబట్టి ఇక వెనక్కి నడుస్తూ రాయొచ్చు. స్క్రిప్ట్ ఇలా ఉంటుంది.

సున్నా నుంచి ఎనిమిదో సెకను దాకా. తెర నిండా తెల్ల పంచె, దాని మీద పసుపు మరక. ఆమె చేతులు సబ్బు రుద్దుతుంటాయి, మరక మన కళ్ల ముందే ఎర్రబడుతుంది.
ఆమె: "పులిహోర మరక. సబ్బు పెట్టానో లేదో, ఇదిగో ఎర్రబడిపోయింది! మాష్టారూ, పంచె పాడైపోయినట్టేనా?"
అంటూ పంచెను తెరకు కుడివైపు విసురుతుంది.

ఎనిమిది నుంచి ఇరవై ఎనిమిది దాకా. మాష్టారు ఎడమవైపు నుంచి వచ్చిన పంచెను పట్టుకుంటారు.
మాష్టారు: "పాడవలేదమ్మా. పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెడతారు కదా, పసుపులో సున్నం కలిపితేనే అది ఎర్రబడుతుంది. అక్కడ సున్నం చేసిన పనే ఇక్కడ మీ సబ్బు చేసింది. రెండూ క్షారాలే. క్షారానికి విరుగుడు పులుపు."
నిమ్మకాయ పిండుతారు. ఎరుపు పోయి పసుపు వచ్చేదాకా మాట ఉండదు.
మాష్టారు: "రంగు వెనక్కి వచ్చింది. మరక మాత్రం పోలేదు. దాన్ని వదలగొట్టే మందు నా ల్యాబ్‌లో లేదమ్మా."
పంచెను ఎడమవైపు విసురుతారు.

ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఎనిమిది దాకా. ఆమె పట్టుకుంటుంది, వెనక దండెం, ఎండ.
ఆమె: "మందెందుకు మాష్టారూ, ఎండ ఉండగా?"
పంచె ఆరేస్తుంది.
మాష్టారి గొంతు: "అయితే సగం కప్పి ఉంచండి. పనిచేసింది ఎండో కాదో తేలిపోతుంది."
ఆమె నల్ల కాగితం పిన్ను పెడుతుంది.

ముప్ఫై ఎనిమిది నుంచి నలభై ఎనిమిది దాకా. సాయంత్రపు వెలుతురు. కాగితం నెమ్మదిగా తొలగుతుంది. మూడు సెకన్లు ఎవరూ మాట్లాడరు.
ఆమె: "కాగితం కింద పసుపే..."
మాష్టారు: "ఎండ తగిలిన చోట తెలుపు!"
అక్కడే కట్.

ఇప్పుడు ఇందులో అందించే మాటల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని చూద్దాం. మొదటిది "పంచె పాడైపోయినట్టేనా?" అన్నది. ఇది ఆమెకు నిజంగా సమాధానం తెలియని ప్రశ్న, చూసేవాళ్లకూ అప్పుడే పుట్టిన ప్రశ్న. దీని బదులు "దీని గురించి మన మాష్టారు ఏమంటారో విందాం" అని రాశారనుకోండి. అందులో ప్రశ్నే లేదు, ఒక ప్రకటన ఉంది. ప్రకటన వినగానే చూసేవాళ్లకు ఒక భాగం అయిపోయిందని అర్థమవుతుంది. అయిపోయిన చోట వెళ్లిపోవడమే సహజం. అందుకే అందించే మాట ఎప్పుడూ ముగిసినట్టు వినపడకూడదు. గొంతు పైకి లేచి ఆగాలి.

దానికి జవాబులో మాష్టారి మొదటి మాట "పాడవలేదమ్మా". ఆమె వాడిన మాటనే ఆయన అందుకున్నారు. అందుకోవడమంటే ఇదే. "అందరికీ నమస్కారం, నేను ఫలానా" అని మొదలుపెడితే తాడు అక్కడే తెగిపోతుంది. పేరు, ఛానల్ పేరు తెర కింద రెండు సెకన్లు అక్షరాల్లో పడితే చాలు, నోటితో చెప్పక్కర్లేదు.

ఆ వెంటనే వచ్చే పారాణి ఈ స్క్రిప్ట్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. ఆ సెకనులో తెర మీదున్నది కొత్త మనిషి, చూస్తున్నవాళ్లలో సగం మంది ఆమె కోసం వచ్చినవాళ్లు. ఆయన కర్క్యుమిన్ అని మొదలుపెడితే ఆ సగం పోతారు. పారాణి అంటే వాళ్ల ఇంటి వస్తువు, పెళ్లిళ్లలో చేత్తో కలిపి చూసిందే. రెండో మనిషి పలికే తొలి వాక్యం మొదటి మనిషి ప్రేక్షకుల లోకంలోంచి రావాలి. తన లోకానికి ఆ తర్వాత తీసుకెళ్లొచ్చు. క్షారం అన్న ఒక్క మాటతో ఆయన పిల్లలూ ఇది తమ పాఠమేనని గుర్తుపడతారు. కర్క్యుమిన్ పేరు నోటితో పలకాల్సిన పనే లేదు, కావాలంటే వీడియో కింద రాసుకోవచ్చు.

రెండో అందింపు మొదటిదానికన్నా కష్టం. "మందు నా ల్యాబ్‌లో లేదమ్మా" అని మాష్టారు ఒప్పుకోవాలి. ఇద్దరు క్రియేటర్లు కూర్చుని రాసేటప్పుడు నలిగేది ఇక్కడే. ఎవరికి వారు తమ ప్రేక్షకుల ముందు అన్నీ తెలిసినవారిలా ఉండాలనుకుంటారు. ఇద్దరూ ఒక్కోసారి చేతులెత్తేస్తేనే ఈ కథ నిలబడుతుంది. ఆమె ఎర్ర మరక దగ్గర, ఆయన పచ్చ మరక దగ్గర. ఒకరే ఆగిపోయి ఇంకొకరే గట్టెక్కిస్తే అది సలహా వీడియో అవుతుంది, సలహా అడిగినవారి ప్రేక్షకులకు మనసులో చిన్నబోయినట్టుంటుంది. ఇద్దరి అడ్డంకులూ ఒకే బరువుతో ఉన్నాయో లేదో రాసేటప్పుడే తూచుకోవాలి.

మూడోది చాలా చిన్నది, తరచూ ఎవరికీ తట్టదు. ఆమె పంచె ఆరేస్తున్నప్పుడు మాష్టారి గొంతు మాత్రమే వినిపిస్తుంది, "సగం కప్పి ఉంచండి" అని. ఇక్కడ బొమ్మ ఒకరిది, మాట ఇంకొకరిది. అప్పటిదాకా వంతులవారీగా వచ్చినవారు ఈ సెకను నుంచి కలిసిపోతున్నారు. ఆ కలయిక లేకుండా నేరుగా చివరి దృశ్యానికి దూకితే, చివర్లో ఇద్దరూ కలిసి మాట్లాడటం అతికించినట్టుంటుంది.

పిలుపుల సంగతి ముందే తేల్చుకోవాలి. ఆమె "మాష్టారూ" అంటుంది, ఆయన "అమ్మా" అంటూ "మీ సబ్బు" అంటారు. షూటింగ్ వేర్వేరు రోజుల్లో జరిగితే ఒకచోట "మీరు", ఇంకోచోట "నువ్వు" దొర్లిపోతాయి. కింద కామెంట్లలో విషయం మానేసి దాని గురించే మాట్లాడుకుంటారు. ఇద్దరూ ఒక ఈడువాళ్లయితే లెక్క వేరు, అప్పుడు పేర్లతో పిలుచుకున్నా చక్కగానే ఉంటుంది.

ఇక నిడివి. పై మాటలన్నీ కలిపితే అరవై పైచిలుకు. తీరుబడిగా పలికినా మాటలకు ముప్ఫై, ముప్ఫై అయిదు సెకన్లకు మించి పట్టదు. మిగిలింది రంగు మారడానికి, కాగితం తొలగడానికి. కొత్తగా రాసేవాళ్లు ఆ ఖాళీని చూసి భయపడి అందులో ఇంకో నాలుగు వాక్యాలు కుక్కుతారు. దయచేసి కుక్కవద్దు. ఎరుపు పసుపుగా మారుతున్నప్పుడు మాట వినిపిస్తే కన్ను ఆ మార్పును పూర్తిగా పట్టుకోదు. ఎంత పడుతుందో అంచనా వేసుకోకుండా స్టాప్‌వాచ్ పెట్టుకుని ఇద్దరూ ఫోన్‌లో ఒకసారి పైకి చదువుకుంటే తెలిసిపోతుంది. అందులోనే నోరు తిరగని మాటలూ బయటపడతాయి.

ఈ ఇద్దరూ ఒక ఊళ్లో ఉండాల్సిన అవసరం లేదు. ఆమె రాజమండ్రిలో, ఆయన కరీంనగర్‌లో ఉన్నా పంచె చేతులు మారినట్టు చూపించవచ్చు. దానికి ఒకే తానులోంచి కోసిన రెండు తెల్లటి నూలు గుడ్డలు కావాలి, రెండింటి మీదా ఒకే పరిమాణంలో, ఒకే ఆకారంలో మరక పడాలి. ఆమె కుడివైపు విసిరితే ఆయన ఎడమవైపు నుంచి పట్టుకోవాలి. ఇది తారుమారైతే గుడ్డ వెనక్కి వెళ్లి వచ్చినట్టుంటుంది. సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు బొమ్మను అద్దంలో చూపినట్టు తిప్పేస్తాయి కాబట్టి ఇద్దరూ వెనక కెమెరాతోనే తీయడం మేలు. ఎడిటింగ్‌లో గుడ్డ గాల్లో ఉండగానే కోయాలి, చేతిలోంచి వెళ్లిపోయాక కాదు. మాష్టారి "పాడవలేదమ్మా" అన్న గొంతు ఆయన కనిపించడానికి పావు సెకను ముందే మొదలైతే అతుకు అసలు తెలియదు. గొంతు విని కళ్లు ఆయన కోసం ఎదురు చూస్తాయి. చివరి దృశ్యంలో మాత్రం దండెం దగ్గరున్న గుడ్డ ఒక్కటే చూపించి రెండు గొంతులూ వినిపిస్తే చాలు.

కెమెరా ముందుకు వెళ్లేముందు ప్రయోగాన్ని ఒకసారి చేసి చూసుకోకపోతే ఎంత మంచి స్క్రిప్ట్ అయినా వృథా. బట్టల సబ్బు బిళ్ల క్షారం కాబట్టి మరక ఎర్రబడుతుంది. కొన్ని ద్రవ సబ్బుల్లో క్షారం దాదాపు ఉండదు, వాటితో ఎంత రుద్దినా ఎరుపు రాదు. మబ్బు రోజున కాగితం కిందికీ బయటికీ తేడా తెలియనంత తక్కువగా ఉంటుంది. అది ఎండాకాలపు షార్ట్, శ్రావణంలో పెట్టుకోకూడదు. ఎండలో వేసేముందు గుడ్డలోని సబ్బూ నిమ్మరసం పోయేలా జాడించి, తడిగా ఉండగానే ఆరేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఇది తెల్లటి నూలు బట్టకే. పట్టు చీర మీద నిమ్మరసం పిండినా, రంగు బట్టను గంటల తరబడి ఎండలో ఉంచినా బట్ట రంగే పోతుంది. ఆ ముక్క తెర మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. అడుగున, కుడిపక్కన లైకు, కామెంటు గుర్తులు కప్పేస్తాయి కాబట్టి తెర పైసగంలో రాయాలి. ఆమె మాట నమ్మి ఎవరైనా పెళ్లిపట్టు పాడుచేసుకుంటే, ఆ తర్వాత ఎన్ని వ్యూస్ వచ్చినా ఆ ఛానల్‌కు పోయిన నమ్మకం తిరిగి రాదు.

ఎవరి పేజీలో పెట్టాలన్నది ఇద్దరి మధ్య చివరగా వచ్చే చర్చ. ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచి కొలాబ్ అనే సదుపాయం ఉంది. ఒకరు రీల్ పెట్టి ఇంకొకరిని ఆహ్వానిస్తే, వారు ఒప్పుకున్నాక అదే రీల్ ఇద్దరి పేజీల్లోనూ కనిపిస్తుంది, లైకులూ కామెంట్లూ ఒకేచోట చేరతాయి. ఒకే వీడియోను ఇద్దరూ విడివిడిగా పెట్టుకోవడం కన్నా అదే నయం. కామెంట్లు ఒకచోట ఉంటే ఆమె ప్రేక్షకులు అడిగిన దానికి మాష్టారు, ఆయన పిల్లలు అడిగిన దానికి ఆమె జవాబు చెప్పవచ్చు. స్క్రిప్ట్‌లో మొదలైన అందింపు అక్కడా సాగుతుంది.

పెట్టిన మూడు నాలుగు రోజులకు మళ్లీ రిటెన్షన్ గ్రాఫ్ తెరవాలి. వ్యూస్ అంకె చూసి సంబరపడినా దిగులుపడినా లాభం లేదు. 2025 మార్చి చివరి నుంచి యూట్యూబ్‌లో షార్ట్ ఆడటం మొదలవగానే ఒక వ్యూ లెక్కలోకి వస్తుంది, ఎంతసేపు చూశారన్న దానితో పనిలేకుండా. గీతలో మూడు చోట్లు చూస్తే చాలు. ఎనిమిదో సెకను దగ్గర మెట్టు దిగితే మొదటి అందింపులో ప్రశ్న బలంగా లేదు, లేదా మాష్టారి తొలి మాట ఆలస్యమైంది. ఇరవై ఎనిమిది దగ్గర దిగితే రంగు పసుపుగా మారడమే ముగింపు అని చూసినవాళ్లు అనుకున్నారు, అంటే "మరక పోలేదు" అన్న మాట రంగు మారాక ఆలస్యంగా వచ్చిందని అర్థం. ఆ మాటను రంగు మారుతుండగానే మొదలుపెట్టాలా, లేక ఆ నిశ్శబ్దాన్ని ఒక సెకను తగ్గించాలా అని అప్పుడు ఆలోచించాలి. నేనైతే సెకను తగ్గిస్తాను. కాగితం తొలగే చోట గీత కింద పడకుండా కాస్త పైకి లేస్తే, కొందరు వెనక్కి జరిపి ఆ గీతను మళ్లీ చూస్తున్నారన్నమాట. తర్వాతి షార్ట్ ఎవరి అడ్డంకితో మొదలుపెట్టాలో వాళ్ల కామెంట్లలోనే దొరుకుతుంది. పసుపు సంగతి సరే, మామిడికాయ జీడి మరక మాటేమిటని ఎవరో ఒకరు అడక్కమానరు. ఈసారి ముందు ఆగిపోవాల్సింది మాష్టారు.